చెంచాకు చెంచా సరిపోదు

"పిన్నీ, గొంతు మండిపోతోంది గానీ చారు వాసనే రాలేదు" అంది మా అక్క కూతురు ఫోన్లో. పుణెలో ఉద్యోగం, అద్దె గది, ఒక్క స్టవ్వు. రోలు లేదు, మిక్సీ లేదు. వాళ్లమ్మ విజయవాడ నుంచి చెప్పిన మిరియాల చారునే పెట్టింది, కాకపోతే మిరియాలకు బదులు మిరియాల పొడి, పచ్చి కరివేపాకుకు బదులు ఎండు కరివేపాకు, అల్లానికి బదులు శొంఠి పొడి వేసింది. ఏవి ఎంతెంత వేశావని అడిగాను. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వస్తుంటే చారు ఎక్కడ తప్పిందో తెలిసింది. మూడు చోట్ల తప్పింది, మూడింటికీ కారణాలు వేరు.

నలుగురికి సరిపడే ఆ చారుకి వాళ్లమ్మ చెప్పిన కొలతలు ఇవీ. ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, రెండున్నర చెంచాల ధనియాలు, ఒక పెద్ద చెంచా అల్లం తురుము, ముప్పై కరివేపాకు ఆకులు, దించేముందు గుప్పెడు కొత్తిమీర. ఇక్కడ చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లది. ఇళ్లలో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి కాబట్టి, పిల్లల మందు సీసాతో వచ్చే 5 మి.లీ. మూతను కొలతగా పెట్టుకుంటే ఈ కథనంలోని అంకెలు మీ వంటింట్లోనూ సరిపోతాయి.

పిల్ల చెంచా మిరియాలకి చెంచా మిరియాల పొడి వేసింది. మరిగాక మూత తీస్తే ఘుమఘుమ లేదు. ఇంకో చెంచా వేసింది, అయినా రాలేదు, మూడోదీ వేసింది. కరివేపాకు దగ్గర మాత్రం ఎక్కడో చదివిన సూత్రం గుర్తొచ్చింది: పచ్చిది మూడు వంతులైతే ఎండుది ఒక వంతు చాలునని. ముప్పై ఆకులకి పది ఎండు ఆకులు వేసింది. అల్లం దగ్గర, తురుము పెద్ద చెంచా కదా, పొడి చిన్న చెంచా వేద్దామని శొంఠి ఒక నిండు చెంచా వేసింది. ఇది కూడా మూడుకి ఒకటే.

మిరియాలతో మొదలుపెడదాం. గింజను పొడి చేస్తే బరువు మారదు. మూడు గ్రాముల మిరియాలు దంచితే మూడు గ్రాముల పొడే వస్తుంది. మారేది చెంచాలో పట్టే బరువు. చెంచా మిరియాలు సుమారు 2.9 గ్రాములు తూగుతాయి, చెంచా మిరియాల పొడి సుమారు 2.3 గ్రాములే. మిరియం లోపల గట్టిగా నిండుగా ఉండే గింజ. దాన్ని దంచితే గరుకు పలుకుల మధ్య గాలి చేరి పొడి పొంగుతుంది. అందుకని చెంచా మిరియాల స్థానంలో చెంచా పైన పావు చెంచా పొడి పడాలి.

మరి జీలకర్ర, ధనియాలు? వీటిలో లెక్క తిరగబడుతుంది. జీలకర్ర సన్నగా పొడుగ్గా ఉంటుంది, చెంచాలో పోస్తే గింజలు అడ్డదిడ్డంగా పడి మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ధనియం చూడటానికి గుండ్రంగా ఉన్నా లోపల బోలు. చెంచా జీలకర్ర సుమారు 2.1 గ్రాములు, చెంచా ధనియాలు సుమారు 1.8 గ్రాములు మాత్రమే. దంచగానే ఆ ఖాళీలు పోయి పొడి దగ్గరపడుతుంది. చెంచా పైన పావు గింజలు దంచితే ఒక చెంచా పొడి అవుతుంది. అంటే ఒకే చారులో, ఒకే చెంచాతో, మిరియాల పొడి కొంచెం ఎక్కువ వేయాలి, జీలకర్ర పొడి, ధనియాల పొడి కొంచెం తక్కువ వేయాలి. చెంచా జీలకర్రకి ముప్పావు చెంచాకి పైచిలుకు పొడి, రెండున్నర చెంచాల ధనియాలకి రెండు చెంచాల పొడి.

పావు చెంచా తేడాకే చారు పాడైపోతుందా అంటే, పోదు. మా పిల్ల మొదటి చెంచాతో ఆగి ఉంటే చారు కాస్త చప్పగా ఉండేదంతే. చెడింది ఆ తర్వాతి రెండు చెంచాలతో. ఆమె దగ్గరున్న మిరియాల పొడి డబ్బా మూత తీసి ఏడాది దాటింది. మిరియంలో మనకు తెలిసేవి రెండు. ఒకటి వాసన, అది ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది. రెండోది ఘాటు, అది పైపరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, ఇది ఆవిరి కాదు. గింజగా ఉన్నంతకాలం పైపొట్టు ఆ నూనెలను కాపాడుతుంది. పొడి చేసిన రోజు నుంచీ డబ్బా తీసిన ప్రతిసారీ నూనెలు కొంత పోతుంటాయి, పైపరిన్ మాత్రం దాదాపు అంతా అలాగే ఉండిపోతుంది. అందుకే పాత పొడిలో వాసన చచ్చిపోయినా కారం చావదు. వాసన కోసం మూడు చెంచాలు వేస్తే వాసన రాలేదు, ఘాటు మాత్రం మూడింతలైంది. మూడు చెంచాలంటే దాదాపు 7 గ్రాములు. కావాల్సింది 3 గ్రాములు. పైగా కచ్చాపచ్చాగా దంచిన మిరియం పలుకుల్లోంచి ఆ పది నిమిషాల మరుగులో ఘాటు పూర్తిగా దిగదు, మెత్తటి పొడిలోంచి అయితే అంతా దిగిపోతుంది.

కాబట్టి పాత పొడికి "రెండింతలు వేయండి" అనే సలహా మిరియాలకీ, మిరపకీ పనికిరాదు. మిరపలోని క్యాప్సైసిన్ కూడా ఆవిరయ్యేది కాదు. పాత కారం రంగు వెలిసిపోయినా నోరు మండిస్తూనే ఉంటుంది. ధనియాల పొడికైతే ఆ సలహా కొంతవరకు పనికొస్తుంది, ఎందుకంటే దానిలో మండించేదేమీ లేదు. అయినా ఎక్కువ వేస్తే చారు చిక్కబడి, అడుగున పిండిలా దిగి, నాలుక మీద ఇసకలా తగులుతుంది. పొడి బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి చిటికెడు అరచేతిలో వేసి బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. వెంటనే ముక్కుకి తగలకపోతే ఆ పొడికి కొలత వెతకడం వృథా, కొత్తది తెచ్చుకోవాలి.

ఇంకో సంగతి కూడా అడిగాను, పొడులు ఎప్పుడు వేశావని. ఆవాలు చిటపటలాడగానే తాలింపు నూనెలోనే వేసిందట. గింజ జీలకర్ర కాగిన నూనెలో అరనిమిషం తట్టుకుంటుంది. పొడి తట్టుకోదు, పది లెక్కపెట్టేలోగా అడుగంటి చేదెక్కుతుంది. గింజ చేసే పనిని పొడి నూనెలో చేయలేదు. పొడి వేసేది చారు మరిగిన తర్వాత, దించడానికి రెండు నిమిషాల ముందు. మొదట్లోనే వేసి పదిహేను నిమిషాలు మరగబెడితే ఆ కాస్త వాసనా ఆవిరితో పోతుంది.

ఇక కరివేపాకు. విజయవాడలో తెనాలి వైపు వెళ్లే రైలెక్కి కృష్ణ దాటితే కాసేపట్లో పెదవడ్లపూడి స్టేషను వస్తుంది. కరివేపాకును పెరటి చెట్టుగా కాక పొలం పంటగా, ఎకరాల్లో వేసే ఊళ్లు ఆ చుట్టుపక్కలవి. అదే దారిలో ఇంకాస్త ముందుకెళితే దుగ్గిరాల, పసుపు యార్డు ఉన్న ఊరు. ఎండబెడితే ఏం పోతుంది, ఏం మిగులుతుంది అన్న ప్రశ్నకు పూర్తిగా వ్యతిరేకమైన రెండు జవాబులు ఆ రెండు స్టేషన్ల మధ్యే దొరుకుతాయి.

ముందు "మూడుకి ఒకటి" సూత్రం ఎక్కడిదో చూద్దాం. ఆకుల్లో ఎక్కువ భాగం నీళ్లే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం పుదీనాలో దాదాపు 85 శాతం, కొత్తిమీరలో 86 శాతం నీరు. 100 గ్రాముల పుదీనాని గలగలలాడేలా ఎండబెడితే మిగిలేది 16, 17 గ్రాములు. అంటే తూకంలో ఆరుకి ఒకటి. మూడుకి ఒకటి అనేది తూకం లెక్క కాదు, చెంచాల లెక్క: తరిగిన పచ్చి ఆకు ఒక పెద్ద చెంచాకి, నలిపిన ఎండు ఆకు ఒక చిన్న చెంచా. ఎండాక ఆకు తేలికవుతుంది గానీ అంత చిన్నగా ముడుచుకోదు కాబట్టి చెంచాల్లో మూడో వంతు, తూకంలో ఆరో వంతు వస్తుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసి 30 గ్రాముల పుదీనాకి 10 గ్రాముల ఎండు పుదీనా తూచి వేస్తే, కావాల్సినదానికి రెట్టింపు పడుతుంది.

పుదీనాకి ఈ సూత్రం బాగా పనిచేస్తుంది. దాని వాసన నూనె ఆకు మీద చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది, నీడపట్టున నెమ్మదిగా ఎండితే ఆ తిత్తులు పగలవు. నీరు పోతుంది, వాసన చాలామటుకు నిలుస్తుంది.

కరివేపాకుకి ఇది రెండు రకాలుగా తప్పుతుంది. మొదటిది, కరివేపాకులో నీరు తక్కువ, 64 శాతం దాకానే. 100 గ్రాములు ఎండబెడితే 40 గ్రాములు మిగులుతాయి, తూకంలో రెండున్నరకి ఒకటి. రెండోది ఇంకా పెద్ద తప్పు. కరివేపాకును మనం తూచం, చెంచాతో కొలవం, రెమ్మల్లో, ఆకుల్లో లెక్కపెడతాం. ఒక ఆకు ఎండినా అది ఒక ఆకే. దానిలోంచి నీరు పోయిందంతే, మిగతా సరుకు అదే ఆకులో ఉంది. ముప్పై పచ్చి ఆకులకి సమానం ముప్పై ఎండు ఆకులు, పది కాదు. అదీ వాసన ఏమాత్రం పోలేదనుకుంటే. కరివేపాకులో వాసన మాత్రం బాగా పోతుంది. దాని ప్రత్యేకమైన వాసనకు ముఖ్య కారణం గంధకం కలిసిన ఒక పదార్థమని పరిశోధకులు గుర్తించారు. అది ఆకులో ఉండేది అతి కొద్దిగా, పైగా అది ఇట్టే ఎగిరిపోయే రకం. అందుకని ఆకుల లెక్కలో ఎండు కరివేపాకు పచ్చిదానికి రెట్టింపు వేయాలి. మా పిల్ల అరవై వేయాల్సిన చోట పది వేసింది. చారుకి వాసన లేకపోవడానికి పెద్ద కారణం ఇదే.

రెట్టింపు వేసినా పచ్చి కరివేపాకు తాలింపులో చిటపటమన్నప్పుడు వచ్చే వాసన రాదు. ఎండు ఆకును కాగిన నూనెలో వేస్తే క్షణంలో మాడుతుంది. చేత్తో నలిపి, స్టవ్వు కట్టేశాక వేడి నూనెలో ఒక్కసారి తిప్పి చారులో పోయడం మేలు. ఆకు మంచిదో కాదో రంగు చెబుతుంది: లేత ఆకుపచ్చ నిలిచి, పట్టుకుంటే పొడిపొడి అయితే బాగా ఎండినట్టు. నల్లబడి తోలులా వంగితే తేమ ఉండిపోయింది, డబ్బాలో బూజు పడుతుంది. మన డెల్టాలో వానలు మొదలయ్యాక గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి నీడపట్టున ఆకు ఎండదు, వాడి నల్లబడుతుంది. కావాలనుకుంటే మే నెలలోపే ఎండబెట్టుకోవాలి.

నన్నడిగితే కరివేపాకును ఎండబెట్టడం కంటే ఫ్రీజర్‌లో పెట్టడమే మంచిది. కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, రెమ్మల నుంచి దూసి, గాలి చొరని డబ్బాలో పెడితే ఆకుకి ఆకే లెక్క, మార్పిడి అవసరం లేదు. గడ్డకట్టిన ఆకును తీసిన వెంటనే నూనెలో వేయాలి, బయట పెట్టి కరగనిస్తే నల్లబడుతుంది. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపేవాళ్లు మాత్రం ముందు ఆ దేశపు నియమాలు చూసుకోవాలి. నిమ్మ, నారింజ తోటలను తెగులుతో చంపే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి అమెరికా పచ్చి కరివేపాకును రానివ్వదు.

కొత్తిమీరకి మాత్రం నేను ఏ నిష్పత్తీ చెప్పను. దాని వాసననిచ్చే పదార్థాలు ఆరుతుండగానే ఎగిరిపోతాయి. ఎండు కొత్తిమీర పచ్చగా కనిపిస్తుంది గానీ నలిపి వాసన చూస్తే ఎండుగడ్డిలా ఉంటుంది. మూడింతలు వేసినా, పదింతలు వేసినా గడ్డి వాసన పెరుగుతుందంతే. ధనియాల పొడి దానికి బదులు కాదు, మొక్క ఒకటే అయినా ఆకు వాసన వేరు, గింజ వాసన వేరు. కొత్తిమీర లేకపోతే లేనట్టే చారు దించేసి, పైన నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుకోవచ్చు.

దుగ్గిరాలలో కథ వేరు. పసుపు దుంప పొలం నుంచి వచ్చినప్పుడు నూటికి 80 పాళ్లు నీరే. దాన్ని ముప్పావుగంట, గంట ఉడకబెడతారు. నురగ పొంగి, తెల్లటి ఆవిరితో పసుపు వాసన రాగానే ఆపుతారు. తర్వాత పది, పదిహేను రోజులు ఎండలో ఆరబోసి, కొమ్ములు ఒకదానికొకటి తగిలితే టకటకమనేదాకా ఎండబెట్టి, పాలిష్ చేస్తారు. 100 కిలోల పచ్చి దుంప నుంచి సుమారు 20 కిలోల కొమ్ములు వస్తాయి. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ ఎగిరిపోయేది కాదు, అందుకే ఇక్కడ నీటి లెక్కే అసలు లెక్క: ఐదుకి ఒకటి. సంక్రాంతి తర్వాత పచ్చి పసుపు దొరికే రోజుల్లో అంగుళం ముక్క, సుమారు 10 గ్రాములు, వేయమన్న చోట 2 గ్రాముల పసుపు చాలు. చెంచా పసుపు సుమారు 3 గ్రాములు కాబట్టి ముప్పావు చెంచాకి కొంచెం తక్కువ. రంగు సరిపోతుంది. పచ్చి దుంపలో అల్లంలా ఉండే ఆ పచ్చి వాసన మాత్రం రాదు, పచ్చి పసుపు ఊరగాయ పెట్టేవాళ్లకి పొడి ఎందుకూ పనికిరాదు.

అల్లం పసుపుకి దగ్గరి చుట్టమే. నీరూ దాదాపు అంతే, 81 శాతం. ఎండితే ఐదుకి ఒకటి. ఆ లెక్కన పెద్ద చెంచా అల్లం తురుముకి, అంటే సుమారు 6 గ్రాములకి, గ్రాము పైచిలుకు శొంఠి వేయాలి, చెంచాలో మూడింట రెండు వంతులు. కానీ అలా వేస్తే చారు గొంతులో మండుతుంది. పచ్చి అల్లం ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. అల్లం ఎండేటప్పుడు దానిలో కొంత నీటి అణువును వదిలేసి షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు జింజెరాల్ కంటే రెండు రెట్లకు పైనే. మరోవైపు పచ్చి అల్లానికి ఉండే నిమ్మ వాసన ఎండడంలో పోతుంది. ఇలా బరువు తగ్గి, ఘాటు పెరిగి, వాసన మారిన సరుకు శొంఠి. అందుకని పెద్ద చెంచా తురుముకి పావు చెంచా శొంఠి పొడి, సుమారు అరగ్రాము, దాటకూడదు. మా పిల్ల వేసింది చెంచా నిండా, 1.8 గ్రాములు. నాలుగింతలు. మిరియాల పొడితో పాటు గొంతు మండించింది ఇది.

మన దగ్గర మరో చోట ఈ గింజ, పొడి తేడా పెద్ద నష్టమే చేస్తుంది. అది ఆవకాయ. కారం, ఆవపిండి, ఉప్పు గిద్దెల్లో, సోలల్లో కొలిచే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. అమ్మమ్మలు చెప్పే "సోలెడు" ఆవపిండి కొలత, పొడి కొట్టి జల్లించాక కొలిచినది. కొత్తగా పెట్టేవాళ్లు సోలెడు ఆవాలు కొలిచి మిక్సీలో వేస్తారు. ఆవగింజ మిరియంలాగా గట్టి గింజ. చెంచా ఆవాలు సుమారు 3.3 గ్రాములు, చెంచా ఆవపిండి సుమారు 2 గ్రాములు. సోలెడు ఆవాలు దంచితే సోలన్నర దాటి ఆవపిండి వస్తుంది. అదంతా వేస్తే ఆవకాయ మొదటి నెలంతా చేదుగా, ముక్కులు అదిరేలా ఉంటుంది. కొలత గింజల్లో తీసుకోవాల్సి వస్తే సోలెడు పిండికి రెండున్నర గిద్దెల ఆవాలు చాలు.

ఆవాల ఘాటు గింజలో తయారుగా ఉండదు. గింజ చితికి, తడి తగిలినప్పుడు దానిలోని ఒక ఎంజైము పనిచేస్తే అప్పుడు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే తాలింపులో చిటపటలాడిన ఆవాలకి ఘాటు ఉండదు, కమ్మటి వాసన మాత్రమే ఉంటుంది. అందుకే ఆవకాయకి ఆవాలను ఎండలో పెడతారు గానీ మూకుట్లో వేయించరు. తాలింపు ఆవాలకి ఆవపిండి బదులు కాలేదు, ఆవపిండికి తాలింపు ఆవాలూ బదులు కాలేవు. వీటి మధ్య ఏ నిష్పత్తీ లేదు. ఆవకాయలో గింజలుగా వేసే మెంతులకీ ఇదే జాగ్రత్త అవసరం. గింజలోంచి చేదు నెలల తరబడి నెమ్మదిగా దిగుతుంది, పొడి చేస్తే మొత్తం ఒక్కసారే దిగుతుంది. నేనైతే మెంతిపిండి వాడితే గింజల బరువులో సగం కూడా దాటనివ్వను.

పలావులో దాల్చినచెక్క కూడా అంతే. మూడంగుళాల చెక్క రెండున్నర, మూడు గ్రాములు ఉంటుంది. అన్నం ఉడికాక దాన్ని తీసి పక్కన పెట్టేస్తాం, అందులోని రుచి అంతా దిగి ఉండదు. పొడి వేస్తే తీసేయడం కుదరదు. అందుకని తూకానికి తూకం కాకుండా సగం, అంటే అరచెంచా పొడి. తినకుండా తీసేసే ఏ మసాలాకైనా నేను మొదట సగంతోనే చూస్తాను.

పండుమిర్చి పచ్చడి సంగతి మాత్రం కొంచెం సులువు. 100 కిలోల పండుమిర్చి ఎండితే 25 నుంచి 35 కిలోల ఎండుమిర్చి వస్తుంది. అంటే పావు కిలో పండుమిర్చి స్థానంలో 70, 75 గ్రాముల ఎండుమిర్చి, తొడిమలు తీసి, పోయిన నీటికి బదులుగా 175 మిల్లీలీటర్ల దాకా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి రుబ్బుకోవచ్చు. కారం సరిపోతుంది. పండుమిర్చిలోని తీపి, తాజాదనం రావు కాబట్టి కాస్త బెల్లం పడుతుంది. నీళ్లు కలిశాయి గనక ఏడాది నిల్వ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టి వారంలో అయిపోగొట్టాలి.

ఇప్పుడు పుణె గదిలోని చారును మళ్లీ పెడదాం. చింతపండు పులుసులో చిటికెడు పసుపు, ఉప్పు వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. పావు చెంచా శొంఠి మరిగేటప్పుడే వేయొచ్చు. దించడానికి రెండు నిమిషాల ముందు, కొత్తగా తెచ్చిన మిరియాల పొడి చెంచా పైన పావు, జీలకర్ర పొడి ముప్పావు చెంచాకి కొంచెం పైన, ధనియాల పొడి రెండు చెంచాలు వేయాలి. అయితే మెత్తటి పొడిలోంచి ఘాటు మొత్తం దిగుతుంది కదా, అందుకని మిరియాల పొడి మొదట ఒక్క చెంచా వేసి, రుచి చూశాక ఆ పావు వేసుకోమన్నాను. తాలింపులో ఆవాలు, ఎండుమిర్చి మాత్రమే. స్టవ్వు కట్టేశాక ఆ వేడి నూనెలో అరవై ఎండు ఆకులు నలిపి వేసి, వెంటనే చారులో పోసి మూత పెట్టాలి. కొత్తిమీర లేదు. నిమ్మచెక్క పిండాలి. ఐదు నిమిషాలు మూత తీయకూడదు.

ఆమె అలాగే పెట్టింది. పావు చెంచా మిరియాల పొడి మిగిలిపోయిందట, ఒక్క చెంచాతోనే ఘాటు సరిపోయిందని చెప్పింది. ఆ తర్వాతి వారం బజారుకి వెళ్లి చిన్న ఇత్తడి రోలు కొనుక్కుంది, మిరియాలు గింజలుగానే తెచ్చుకుంటోంది. శొంఠి, పసుపు, ధనియాల పొడులు డబ్బాల్లోనే ఉన్నాయి, అవి అలా ఉన్నా ఫరవాలేదు.

ఇక్కడ చెప్పిన బరువులన్నీ సుమారువే. మీ మిక్సీ పొడిని ఎంత మెత్తగా చేస్తుందో, మీ చెంచాలో ఎంత పడుతుందో దాన్ని బట్టి కొద్దిగా మారతాయి. వంటింటి తూకం యంత్రం రెండు, మూడు గ్రాములను నమ్మకంగా చూపించదు కాబట్టి ఒక్క చెంచా తూచకండి. పది చెంచాలు గిన్నెలో పోసి తూచి, పదితో భాగించండి. గింజకొకసారి, పొడికొకసారి తూచి, వచ్చిన రెండు అంకెలనూ ఆ డబ్బా మూత మీద, పొడి కొట్టిన తేదీ పక్కనే రాసిపెట్టుకోండి.